మాయ మీద గీసే గీత: కవలల మధ్య రక్త మార్పిడి, దాని దశలు, లేజర్ చికిత్స

అందరికీ నమస్కారం. మీలో ప్రసూతి విభాగంలో శిక్షణ పొందుతున్నవాళ్లున్నారు, స్కాన్ చేసేవాళ్లున్నారు, నర్సులున్నారు. అందుకని స్కాన్ గదిలోంచే మొదలుపెడతాను. ఒక తల్లి కథ చెబుతాను. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

20 వారాల 2 రోజుల గర్భం. కవలలు. ఆమె బల్ల మీద వెల్లకిలా పడుకోలేకపోయింది. "పోయిన వారం దాకా బాగానే ఉన్నానండీ. ఈ వారం రోజుల్లోనే పొట్ట బిగిసిపోయింది, పడుకుంటే ఊపిరాడటం లేదు" అంది. కవలలు కదా, పొట్ట పెద్దగానే ఉంటుందిలే అని ఇంట్లో అందరూ సర్దిచెప్పారట. ఈ మాట మీ చెవిన పడ్డప్పుడు మాత్రం సర్దిచెప్పకండి. ఒకే మాయను పంచుకునే కవలలున్న తల్లి వారం రోజుల్లో పొట్ట బిగిసిందంటే, ఆ రోజే స్కాన్ చేయాలి.

ఒకే మాయ అని ఎలా తెలిసింది? 12 వారాల స్కాన్‌లో. రెండు సంచుల మధ్య పొర మాయను కలిసేచోట మందంగా ముక్కోణంలా ఉంటే మాయలు రెండు. పల్చగా, నిటారుగా, ఇంగ్లీషు అక్షరం టీ లాగా కలిస్తే మాయ ఒక్కటే. ఈమెకు టీ కనిపించింది. దాన్నే మోనోకోరియానిక్ అంటాం. ఇది 11 నుంచి 14 వారాల మధ్య తేలిగ్గా తెలుస్తుంది, గర్భం పెరిగేకొద్దీ చూడటం కష్టమవుతుంది. అప్పుడే నిర్ధారించి రిపోర్టులో రాయకపోతే తర్వాత జరిగేదంతా చీకట్లో నడకే. మాయ ఒక్కటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కాన్ తప్పనిసరి. ఎందుకంటే ఇలాంటి గర్భాల్లో నూటికి 10 నుంచి 15 మందికి టీటీటీఎస్ వస్తుంది. టీటీటీఎస్ అంటే ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్, ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డలోకి తరలిపోయే జబ్బు.

ఇది బిడ్డల జబ్బు కాదు, మాయ జబ్బు. ఇద్దరు బిడ్డలూ ఆరోగ్యంగానే మొదలవుతారు. తేడా అంతా మాయ మీది రక్తనాళాల్లో ఉంది.

మామూలుగా ఏం జరుగుతుందో చూడండి. బొడ్డుతాడులోంచి ధమని వచ్చి మాయ ఉపరితలం మీద కొమ్మలు వేస్తుంది. ఒక్కో కొమ్మ ఒక్కో చోట మాయలోకి దిగుతుంది. అక్కడ తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ తీసుకున్నాక, దిగిన చోటికి పక్కనే ఒక సిర పైకి వచ్చి అదే బిడ్డ దగ్గరికి రక్తాన్ని తిరిగి తీసుకెళ్తుంది. ధమని, సిర జంటగా ఉంటాయి. ఒకే మాయ ఉన్న కవలల్లో కొన్ని చోట్ల ఈ జంట తప్పుతుంది. మొదటి బిడ్డ ధమని లోపలికి దిగుతుంది, పక్కన పైకి వచ్చే సిర మాత్రం రెండో బిడ్డ వైపు పోతుంది. ఆ చిన్న మాయముక్కలోకి వెళ్లిన రక్తం ఇక వెనక్కి రాదు. దారి ఒక్క వైపే.

ఇలాంటి కలయికలు ఒకే మాయ ఉన్న కవలల్లో దాదాపు అందరికీ ఉంటాయి. అయినా అందరికీ జబ్బు రాదు, ఎందుకంటే అటు పోయేవీ ఇటు వచ్చేవీ దాదాపు సరితూగుతాయి. ధమనికి ధమని నేరుగా కలిసే నాళం కూడా ఉంటే అది ఇంకా మంచిది. ఒత్తిడిని బట్టి రెండు వైపులా పారి తేడాను సర్దుతుంది. ఆ సర్దుబాటు లేనప్పుడు, ఒక వైపు పారే నాళాలదే పైచేయి అయినప్పుడు, ఒక బిడ్డ ఇస్తూనే ఉంటుంది, ఇంకో బిడ్డ పుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇచ్చే బిడ్డకు రక్తం తగ్గుతుంది. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుకోవాలని చూస్తాయి, మూత్రం తగ్గుతుంది. ఈ వయసులో ఉమ్మనీరంటే ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. కాబట్టి ఆ సంచిలో నీరు ఎండిపోతుంది. పుచ్చుకునే బిడ్డ పని సులువేమీ కాదు. అదనపు రక్తాన్ని తోయలేక గుండె అలసిపోతుంది, అది పదేపదే మూత్రం పోస్తుంది, ఆ సంచి నీటితో ఉబ్బిపోతుంది. తల్లి పొట్ట బిగిసింది అందుకే. ఇంకొక మెలిక కూడా ఉంది. ఇచ్చే బిడ్డ తన రక్తపోటు నిలబెట్టుకోవడానికి తయారుచేసే రెనిన్ లాంటి పదార్థాలు అవే నాళాల ద్వారా రెండో బిడ్డలోకీ చేరతాయి. అక్కడ అసలే రక్తం ఎక్కువ, ఆపైన రక్తపోటు పెంచే పదార్థం. పుచ్చుకునే బిడ్డ గుండె గోడలు మందమవడానికి ఇదీ ఒక కారణం. లావుగా ఉన్న బిడ్డ బాగుందని తల్లిదండ్రులు అనుకుంటారు. చాలాసార్లు గుండె ముందు అలసిపోయేది ఆ బిడ్డదే.

మళ్లీ మన స్కాన్ బల్ల దగ్గరికి. 18 వారాల స్కాన్‌లో ఇద్దరి నీరూ మామూలుగానే ఉంది. ఇప్పుడు ఒక సంచిలో అతి లోతైన పాకెట్ 10.5 సెంటీమీటర్లు. రెండో సంచిలో 1.2. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. నీరు ఎండిపోయిన బిడ్డ చుట్టూ పొర చర్మానికి అతుక్కుపోతుంది, స్కాన్‌లో ఆ పొర కనిపించదు. చూసేవారికి ఒకే పెద్ద నీటి సంచిలో ఇద్దరు బిడ్డలున్నట్టు తోస్తుంది. "నీరు సమృద్ధిగా ఉంది" అని రాసేస్తారు. అనుమానం వస్తే తల్లిని పక్కకు తిరగమనండి. నీళ్లలో ఉన్న బిడ్డ కిందికి జారాలి. జారకుండా గర్భసంచి పైగోడకు అతుక్కున్నట్టు అక్కడే ఉండిపోతే, పొర దాన్ని బిగించి పట్టుకుందన్నమాట. మేం తిప్పి చూశాం. చిన్న బిడ్డ కదల్లేదు.

ఇక దశలు. 1999లో క్వింటెరో ప్రతిపాదించిన ఐదు దశలనే ప్రపంచమంతా వాడుతోంది. మొదటి దశకు రెండు షరతులూ కలవాలి: ఒక సంచిలో పాకెట్ 2 సెంటీమీటర్ల లోపు, రెండోదానిలో 8 దాటి. యూరప్‌లో చాలాచోట్ల 20 వారాల తర్వాత 8కి బదులు 10 తీసుకుంటారు. ఒక సంచిలో నీరు తగ్గి రెండోదానిలో మామూలుగా ఉంటే అది టీటీటీఎస్ కాదు, ఒక బిడ్డ ఎదుగుదల సరిగా లేదేమో చూడాలి. మొదటి దశలో ఇచ్చే బిడ్డ మూత్రాశయం ఇంకా కనిపిస్తుంది. రెండో దశలో కనిపించదు. కనిపించదని చెప్పేముందు ఓపిక పట్టండి, బిడ్డ అప్పుడే మూత్రం పోసి ఉండొచ్చు. మేం దాదాపు గంటసేపు మధ్యమధ్యలో చూశాం. బొడ్డు ధమనులు రెండూ మూత్రాశయానికి చెరోవైపు నుంచి పోతాయి కాబట్టి రంగుల డాప్లర్ పెడితే దాని చోటు కచ్చితంగా దొరుకుతుంది. ఈ బిడ్డకు ఆ రెండు ధమనుల మధ్య ఖాళీగా ఉంది, నల్లటి బుడగ లేదు.

మూడో దశ డాప్లర్‌తో తేలుతుంది. బొడ్డు ధమనిలో గుండె రెండు కొట్టుకోవడాల మధ్య కూడా రక్తం ముందుకు పారుతూ ఉండాలి. అది ఆగిపోయినా వెనక్కి పోయినా మూడో దశ. పుచ్చుకునే బిడ్డ డక్టస్ వీనోసస్‌లో గుండె పై గది ముడుచుకునే క్షణంలో రక్తం వెనక్కి తన్నినా, బొడ్డు సిరలో ప్రవాహం కొట్టుకుంటున్నట్టు కనిపించినా మూడో దశే. ఒంటికి నీరు పట్టి ఉబ్బితే నాలుగు. ఒకరు లేదా ఇద్దరూ చనిపోతే ఐదు. మన కేసులో ఇచ్చే బిడ్డ బొడ్డు ధమనిలో ఆ మధ్య ప్రవాహం లేదు. పుచ్చుకునే బిడ్డ డాప్లర్ ఇంకా బాగానే ఉంది. మూడో దశ, ఇచ్చే బిడ్డ వల్ల.

ఈ దశల గురించి నా అభిప్రాయం చెబుతాను. ఇవి మెట్లు కావు. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు అని జబ్బు వరస పాటించదు. మొదటి దశ నుంచి నేరుగా ఐదుకు వెళ్లిన కేసులున్నాయి. మొదటి దశలోనే పుచ్చుకునే బిడ్డ గుండె దెబ్బతినడం మొదలై ఉండొచ్చు, ఈ పట్టికలో దానికి చోటు లేదు. అందుకే "మూడో దశ" అని ఒక్క అంకె రాసి వదిలేయకండి. నీళ్లెంత, మూత్రాశయం ఉందా లేదా, ఏ బిడ్డకు ఏ నాళంలో ఏం కనిపించింది, ఇవి రాయండి. ఫోన్‌లో ఈ నాలుగు మాటలు చెబితే చాలు, అవతల లేజర్ చేసే డాక్టర్‌కు సగం చిత్రం వచ్చేస్తుంది.

మొదటి దశలో వెంటనే లేజర్ చేయాలా అని అడుగుతారు. తల్లికి బాధ లేకపోతే, గర్భాశయ ముఖద్వారం పొడవు బాగుంటే, దగ్గరగా గమనిస్తూ ఉండొచ్చు. 2021లో అచ్చయిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో వెంటనే లేజర్ చేసినవాళ్లకూ ఆగి చూసినవాళ్లకూ ఆరోగ్యంగా బతికిన బిడ్డల లెక్క దాదాపు ఒకటే వచ్చింది. కానీ ఆగి చూసినవాళ్లలో సగానికి పైగా చివరికి లేజర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. కాబట్టి ఆగడం అంటే ఇంటికి పంపేయడం కాదు. అవసరం పడిన రోజే చికిత్స దొరికే చోట ఆగాలి. రెండు నుంచి నాలుగు దశలకు, 16 నుంచి 26 వారాల మధ్య, లేజరే మొదటి చికిత్స.

అంతకుముందు ఏం చేసేవారు? సూదితో పెద్ద సంచిలోంచి నీరు తీసేసేవారు. తల్లికి ఊపిరాడుతుంది, నెప్పులు తగ్గుతాయి. కానీ నాళాలు అలాగే ఉంటాయి కదా, వారం తిరక్కుండా నీరు మళ్లీ నిండేది. మూలాన్నే మూసేయాలన్న ఆలోచనను అమెరికాలో జూలియన్ డి లియా 1980ల చివర్లో ఆచరణలో పెట్టి 1990లో ప్రకటించారు. 2004లో యూరోఫీటస్ పరిశోధన ఈ రెండు పద్ధతులనూ పోల్చింది. కనీసం ఒక బిడ్డ 28 రోజులు బతికిన గర్భాలు లేజర్ వైపు నూటికి 76, నీరు తీసినవైపు 56. మెదడు తెల్లభాగం దెబ్బతినడం కూడా లేజర్ వైపు తక్కువ. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో ఆ పరిశోధనను అనుకున్నదానికంటే ముందే ఆపేశారు.

ఆ తల్లికి మర్నాడే లేజర్ చేశాం. సంతకం పెట్టించేముందు ఆమెకూ భర్తకూ కూర్చోబెట్టి చెప్పాం. అనుభవం ఉన్న చోట్ల ఇప్పుడు పది గర్భాల్లో సుమారు తొమ్మిదింట కనీసం ఒక బిడ్డ దక్కుతుంది, ఇద్దరూ దక్కేది మూడింట రెండు వంతుల్లో. ఇచ్చే బిడ్డ బొడ్డు ధమనిలో ప్రవాహం ఆగి ఉంది కాబట్టి ఆ బిడ్డకు ప్రమాదం ఎక్కువ. భర్త అడిగాడు: "ఒక బిడ్డ పోయేటట్టయితే, ఇదంతా ఎందుకండీ?" ఈ ప్రశ్నకు జవాబు నాళాల్లోనే ఉంది. చికిత్స లేకుండా ఒక బిడ్డ చనిపోతే, ఆ బిడ్డలో రక్తపోటు పడిపోయి, బతికున్న బిడ్డ రక్తం అదే నాళాల గుండా నిమిషాల్లో అటు ఒలికిపోతుంది. అప్పుడు రెండో బిడ్డ కూడా చనిపోవచ్చు, బతికినా మెదడు దెబ్బతినొచ్చు. నాళాలు మూసేశాక ఒకరికి ఏదైనా అయితే ఆ నష్టం రెండో బిడ్డ దాకా పోదు. ఇద్దర్నీ కాపాడాలని వెళ్తాం, కనీసం ఒకరి ప్రాణం ఇంకొకరి మీద ఆధారపడకుండా చేసి వస్తాం.

థియేటర్‌లో తల్లి మెలకువగానే ఉంది. పొట్ట మీద ఒకచోట తిమ్మిరి మందు ఇచ్చి, స్కాన్ చూస్తూ, సుమారు 3 మిల్లీమీటర్ల గొట్టాన్ని నీరెక్కువున్న సంచిలోకి దించాం. మాయ వెనక గోడకు ఉండటం మా అదృష్టం. ముందు గోడకు ఉంటే ఆ మాయను తప్పించుకుని పక్కనుంచి, వంకర గొట్టంతో, వాలుగా చూడాల్సి వస్తుంది. గొట్టంలోంచి 2 మిల్లీమీటర్ల కెమెరా, దాని పక్కన వెంట్రుకంత సన్నని లేజర్ తీగ.

ముందు లేజర్ కాల్చం. ముందు చదువుతాం. తెర మీద మాయ ఉపరితలం ఎర్రటి మెత్తటి నేలలా, మీద నాళాలు వేళ్లలా పాకి కనిపిస్తాయి. ధమని ఏది, సిర ఏది? పుట్టాక మన ఒంట్లో ఉన్నదానికి ఇక్కడ తారుమారు. బిడ్డ నుంచి ఆక్సిజన్ వాడేసిన రక్తాన్ని తెచ్చేది ధమని కాబట్టి అది ముదురు రంగులో ఉంటుంది, సిర ఎర్రగా మెరుస్తుంది. రెండూ ఒకదాన్నొకటి దాటేచోట ధమని పైనుంచి పోతుంది. ఈ రెండు గుర్తులతో ఒక్కో నాళం వెంట బొడ్డుతాడు నుంచి చివరిదాకా వెళ్తాం. ఇచ్చే బిడ్డ ధమని ఒకటి వచ్చి సన్నబడి లోపలికి మునుగుతుంది. దాని జత సిర కోసం చూస్తాం. జత సిర వెనక్కి అదే బిడ్డ వైపు పోతే ముట్టుకోం, ఆ ముక్క ఆ బిడ్డ ఊపిరి. మునిగిన చోట పక్కనుంచే లేచిన సిర అవతలి బిడ్డ వైపు పోతుంటే, అదే మనం వెతికేది. ఇలాంటి చోట్లన్నీ కలుపుకుంటూ పోతే మాయ మీద ఒక వంకర సరిహద్దు తేలుతుంది. దాన్ని నాళాల భూమధ్యరేఖ అంటాం.

రెండు సంచుల మధ్య పొర ఉండే చోటే ఈ రేఖ అనుకోవద్దు. తొలినాళ్లలో పొర వెంట దాటే నాళాలన్నిటినీ కాల్చేవారు. కానీ ఒక సంచి ఉబ్బి ఇంకోటి ఎండినప్పుడు పొర ఇచ్చే బిడ్డ భూభాగంలోకి జరిగిపోతుంది. పొర వెంట కాలిస్తే ఆ బిడ్డ సొంత నాళాలే పోతాయి. అసలే మాయలో తక్కువ వాటా ఉన్న బిడ్డకు ఉన్నది కూడా లాక్కున్నట్టు. అందుకే ఒక్కో నాళాన్నీ చదివి ఎంచుకునే పద్ధతి వచ్చింది.

ఈ తల్లికి ఎనిమిది కలయికలు దొరికాయి. అయిదు ఇచ్చే బిడ్డ నుంచి పుచ్చుకునే బిడ్డకు, మూడు ఎదురు దిశలో. ధమనికి ధమని కలిసే నాళం లేదు, జబ్బు ఎందుకు వచ్చిందో అక్కడే అర్థమైంది. ముందు ఇచ్చే బిడ్డ నుంచి రక్తం తీసుకెళ్లేవాటిని మూస్తాం, చికిత్స జరుగుతున్నంతసేపూ ఆ బిడ్డకు ఇంకా రక్తం పోకుండా. తీగ కొసను నాళానికి సుమారు సెంటీమీటరు దూరంలో, వీలైనంత నిటారుగా పట్టి కాలుస్తాం. ఎర్రటి దారం కళ్లముందే తెల్లగా మారుతుంది. మరీ దగ్గరగా పెట్టి, ఎక్కువ శక్తితో కాలిస్తే నాళం చిట్లుతుంది. ఒక్క చుక్క రక్తం కలిస్తే చాలు, ఉమ్మనీరు మసకబారి ఏమీ కనిపించదు. అప్పుడు గోరువెచ్చని ద్రవం లోపలికి పంపి కడుక్కుంటూ ఆగాల్సిందే. ఆ రోజు ఆ అవసరం రాలేదు.

ఎనిమిదీ మూశాక ఆగలేదు. తెల్లబడిన చుక్కల మధ్య మాయ ఉపరితలాన్ని కూడా ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా సన్నగా కాల్చి చుక్కలన్నిటినీ గీతగా కలిపాం. దీన్ని సాలమన్ పద్ధతి అంటారు. కంటికి ఆనని వెంట్రుక నాళాలు మిగిలిపోతే రెండు రకాల తంటాలు వస్తాయి. టీటీటీఎస్సే తిరగబెట్టవచ్చు. లేదా టాప్స్ రావచ్చు: రక్తం చుక్కచుక్కగా వారాల తరబడి పోయి, నీళ్లలో తేడా ఏమీ లేకుండానే, ఒక బిడ్డకు రక్తహీనత, ఇంకో బిడ్డకు రక్తం చిక్కబడటం. 2014లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధనలో గీత గీయడంతో టాప్స్ నూటికి 16 నుంచి 3కి, తిరగబెట్టడం 7 నుంచి 1కి తగ్గాయి. ఆఖరున అదే గొట్టంలోంచి నీరు తీసేశాం. పాకెట్ 10.5 నుంచి 6 సెంటీమీటర్లకు వచ్చింది. బల్ల మీదే ఆమె గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

మర్నాడు ఉదయం స్కాన్‌లో రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయి. మూడో రోజున ఇచ్చే బిడ్డ పొట్టలో, ఆ రెండు ధమనుల మధ్య, మినపగింజంత నల్లటి బుడగ కనిపించింది. మూత్రాశయం. ఇంకో పది రోజులకు బొడ్డు ధమనిలో ప్రవాహం తిరిగొచ్చింది.

తర్వాత వారం వారం చూశాం. నీరు ఒక్కటే చూస్తే సరిపోదు, టాప్స్ నీళ్లలో కనిపించదని చెప్పాను కదా. ఇద్దరి మెదడులోని మధ్య ధమనిలో రక్తం వేగం కొలవాలి. రక్తం పల్చబడితే వేగం పెరుగుతుంది, చిక్కబడితే తగ్గుతుంది. ఇద్దరి వేగాలూ ఎదురెదురు దిక్కుల్లో జరుగుతుంటే జాగ్రత్తపడాలి. ఈమెకు అలా జరగలేదు.

జరిగింది ఇంకోటి. 31 వారాల 4 రోజులకు ఉమ్మనీరు పోయింది. కెమెరా కోసం పొరలో చేసిన రంధ్రం పూడదు, పొరలు ముందే చిట్లడం ఈ చికిత్సలో మేం ఇంకా గెలవని భాగం. లేజర్ చేసినవాళ్ల ప్రసవం సగటున 32 వారాల దగ్గరే జరుగుతోంది. అందుకే పిల్లల ఐసీయూ ఉన్న చోటే ఆమెను ఉండమన్నాం. ఊపిరితిత్తులకు స్టెరాయిడ్లు, మెదడు రక్షణకు మెగ్నీషియం ఇచ్చాం, మూడో రోజు ప్రసవం. ఇచ్చిన బిడ్డ 1,240 గ్రాములు, పుచ్చుకున్న బిడ్డ 1,610. ఇద్దరూ నెలకు పైగా ఐసీయూలో ఉండి ఇంటికెళ్లారు. ఎదుగుదల, నడక, మాట చూడటానికి రెండేళ్ల వయసు దాకా పరీక్షలకు రమ్మన్నాం, వస్తున్నారు.

ప్రసవమయ్యాక మాయను పారేయనివ్వలేదు, ఫార్మలిన్‌లోనూ వేయనివ్వలేదు, నాళాలు గట్టిపడితే రంగు ఎక్కదు. ఆ సాయంత్రమే రెండు బొడ్డుతాళ్లలోకీ రంగులు ఎక్కించాం. ఒక బిడ్డ ధమనులకు నీలం, సిరలకు పసుపు, ఇంకో బిడ్డకు ఆకుపచ్చ, గులాబీ. నాలుగు రంగులూ చిన్న చిన్న కొమ్మల్లోకి పాకుతూ వచ్చి, మాయ మధ్య నుంచి వంకరగా పోయే పాలిపోయిన మచ్చ దగ్గర ఆగిపోయాయి. ఇంకాస్త ఒత్తి చూశాం. అంచు దగ్గర ఒకచోట నీలం ఒక పోగులా ముందుకు జరిగినట్టనిపించి, భూతద్దం పెట్టి చూస్తే అది కూడా గీతకు ఇవతలే ఉంది.